ఉద్యోగం డాలస్‌లో అంట, ఫీజు మాత్రం వైజాగ్‌లో కట్టాలంట

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను అమెరికాలో కొన్నేళ్లు ఒక స్టాఫింగ్ కంపెనీలో పేరోల్ చూసి తిరిగొచ్చాను, ఇప్పుడు సీతమ్మధారలో ఉంటున్నాం. ద్వారకానగర్‌లో అమెరికా పంపించే ఆఫీసుల బోర్డులు అందరికీ కనిపిస్తాయి గానీ, ఎంఎస్ అయిపోయి, చదువయ్యాక కొన్నాళ్లు అక్కడే పని చేసుకోనిచ్చే ఓపీటీ మీదకొచ్చిన పిల్లల్ని పట్టుకునే బ్యాచ్ వేరే ఉంది, వీళ్లకి బోర్డూ ఉండదు ఆఫీసూ ఉండదు, వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది అంతే.

మా అపార్ట్‌మెంట్ పై ఫ్లోర్‌లో ఒక రిటైర్డ్ మాస్టారు ఉన్నారు, వాళ్లబ్బాయి డాలస్‌లో ఉన్నాడు. మొన్న ఆయన ఫోన్ పట్టుకుని దిగొచ్చి "అమ్మా, ఈ కంపెనీ మంచిదేనా, సాయంత్రంలోగా డబ్బు వెయ్యమంటున్నారు" అన్నారు. మార్కెటింగ్ ఫీజు 1,500 డాలర్లు, హెచ్-1బీ స్పాన్సర్‌షిప్‌కి 3,500 డాలర్లు, మొత్తం ఇక్కడే రూపాయల్లో ఒక మనిషి సేవింగ్స్ అకౌంట్‌కి పంపాలి, ఫస్ట్ రెండు జీతాల్లో తిరిగిచ్చేస్తారు, ఆఫర్ లెటర్ మాత్రం రెండ్రోజుల్లో వచ్చేస్తుంది. అంటే మనకి నాలుగు లక్షలు దాటింది. ఇంటర్వ్యూ లేదు, క్లయింట్ ఎవరో చెప్పలేదు.

పిల్లాడు ఎందుకు ఒప్పుకున్నాడంటే రోజుల లెక్క. ఓపీటీలో మొత్తం కలిపి 90 రోజులకి మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు, సైన్స్, ఇంజనీరింగ్ లాంటివి చదివినవాళ్లకి ఓపీటీ పొడిగించే స్టెమ్ ఎక్స్‌టెన్షన్ వస్తే అది 150 అవుతుంది. వాడికి అప్పటికే 60 అయిపోయాయి. ఈ భయం ఏజెంట్లకి బాగా తెలుసు, వాళ్లు అమ్మేది ఉద్యోగం కాదు, ఆ కౌంటింగ్ ఆపే కాయితం.

నేను మాస్టార్ని కూర్చోబెట్టి చూపించాను, పెద్ద కష్టమేం కాదు, ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చు. ముందు కంపెనీ పేరు. వెబ్‌సైట్‌లో "2014 నుంచి" అని రాసుకున్నారు, అడ్రస్ టెక్సస్. టెక్సస్‌లో comptroller.texas.gov లో Franchise Tax Account Status Search అని ఉంటుంది, ఫ్రీ, పేరు కొడితే ఎప్పుడు రిజిస్టర్ అయింది, ఇప్పుడు యాక్టివ్‌గా ఉందా లేదా వచ్చేస్తుంది. వేరే స్టేట్ అయితే ఆ స్టేట్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ సైట్‌లో ఇలాంటి సెర్చే ఉంటుంది. అక్కడ ఈ కంపెనీ వయసు ఏడాది కూడా లేదు. lookup.icann.org లో వెబ్‌సైట్ పేరు కొడితే అది ఇంకా తర్వాత కొన్నది. కంపెనీ కొత్తదైనంత మాత్రాన దొంగది కాదులెండి, కొత్తగా పెట్టుకున్నవాళ్లలో మంచివాళ్లని నేనే చూశాను, కానీ 2014 అని అబద్ధం ఎందుకు రాశారు మరి?

అసలు కీలకం తర్వాతది. మాస్టారు "కాదమ్మా, వీళ్లకి హెచ్-1బీలు చాలా అప్రూవ్ అయ్యాయని స్క్రీన్‌షాట్ పంపారు" అన్నారు. స్క్రీన్‌షాట్ నిజమే, uscis.gov లో H-1B Employer Data Hub అని ఉంది, ఏ కంపెనీకి ఏ సంవత్సరం ఎన్ని అప్రూవ్ అయ్యాయి ఎన్ని రిజెక్ట్ అయ్యాయి అన్నీ ఉంటాయి. కానీ అందులో కంపెనీ టాక్స్ ఐడీ చివరి 4 అంకెలు కూడా ఉంటాయి, దాన్ని ఎవరూ చూడరు. అబ్బాయిని ఆఫర్ లెటర్ డ్రాఫ్ట్ అడగమన్నాను, అందులో ఈఐఎన్ నంబర్, అంటే ఆ టాక్స్ ఐడీనే, వెయ్యమన్నాను, ఎలాగూ రేపు స్టెమ్ ఓపీటీకి అది కావాలి కదా. ఒకటే సాగదీత, చివరికి ఇచ్చారు. చివరి 4 అంకెలు కలవలేదు, ఊరు కూడా వేరే. చూపించిన రికార్డు అదే లాంటి పేరున్న ఇంకో కంపెనీది, పేరు చివర ఒక్క మాట తేడా.

ఇంకోటి, "మేం ఈ-వెరిఫై కంపెనీ" అని గొప్పగా చెప్తారు. ఉద్యోగికి అమెరికాలో పని చేసే అనుమతి ఉందో లేదో కంపెనీలు సరిచూసుకునే గవర్నమెంట్ సిస్టమ్ అది, e-verify.gov లో పేరు వెతకొచ్చు, స్టెమ్ ఓపీటీకి అది తప్పనిసరి కూడా, కానీ అందులో చేరడం ఫ్రీ, ఏ కంపెనీ అయినా చేరొచ్చు. లేకపోతే అనుమానించాలి గానీ ఉన్నంత మాత్రాన నమ్మెయ్యక్కర్లేదు.

ఇక ఫీజు సంగతి. హెచ్-1బీ రిజిస్ట్రేషన్ 215 డాలర్లు, అది కట్టేది కంపెనీ. తర్వాత పిటిషన్‌లో ట్రైనింగ్ ఫీజు అని ఒకటుంటుంది, కంపెనీ సైజుని బట్టి 750 గానీ 1,500 గానీ, దాన్ని ఉద్యోగి దగ్గర ఏ రూపంలోనూ తీసుకోకూడదని చట్టంలోనే ఉంది, పిటిషన్ వేసే లాయర్ ఖర్చు కూడా కంపెనీ ఖర్చే. జీతంలో తిరిగిచ్చేస్తాం అన్నా చెల్లదు. అందుకే "స్పాన్సర్‌షిప్ ఛార్జీ" అనే మాట వినగానే ఆగిపోవచ్చు. మార్కెటింగ్ ఫీజు దగ్గరే మెలిక ఉంది, ఓపీటీలో ఉన్నవాళ్ల విషయంలో అంత సూటిగా నిషేధం లేదు, ఆ సందులోంచే వీళ్లు దూరుతున్నారు. నా అనుభవంలో నిజమైన స్టాఫింగ్ కంపెనీ క్లయింట్ ఇచ్చే రేటులో తన వాటా తీసుకుంటుంది, పిల్లాడి దగ్గర ముందే తీసుకోదు. ఎందుకంటే ముందే ముట్టేస్తే వాడికి ప్రాజెక్ట్ దొరికినా దొరక్కపోయినా వాళ్లకి పోయేదేం లేదు.

డబ్బు పోవడం ఒక ఎత్తు, ఆ కంపెనీ పేరు రికార్డులోకెక్కడం ఇంకో ఎత్తు. 2019లో చికాగోలో ఫైండ్రీమ్, సినోకాన్‌టెక్ అనే కంపెనీల కేసు బయటికొచ్చింది, పని లేకుండానే ఓపీటీ వాళ్లకి ఉద్యోగం ఉన్నట్టు కాయితాలు ఇచ్చారు, నడిపినావిడకి జైలు పడింది, అక్కడ పని చేసినట్టు రాసుకున్నవాళ్లు తర్వాత వీసాల దగ్గర ఇబ్బంది పడ్డారు. తప్పుడు ఉద్యోగం చూపించారని తేలితే అమెరికా తలుపు జీవితాంతం మూసుకుపోవచ్చు, ఏజెంట్ మోసం చేశాడు సార్ అంటే అక్కడ వినేవాళ్లు తక్కువ.

మరి 60 రోజులు అయిపోయిన పిల్లాడు ఏం చెయ్యాలి? మొదటి ఓపీటీలో తన చదువుకి సంబంధించిన పని వారానికి కనీసం 20 గంటలు జీతం లేకుండా చేసినా కౌంటింగ్ ఆగుతుంది, లేబర్ చట్టాలకి విరుద్ధం కాకూడదు, అంతే. స్టెమ్ ఎక్స్‌టెన్షన్‌లో మాత్రం ఇది పనికిరాదు. మాస్టారి అబ్బాయి వాళ్ల ప్రొఫెసర్‌ని అడిగితే ల్యాబ్‌లో పెట్టుకున్నారు, గంటలు, చేసే పని రాసి లెటర్ ఇచ్చారు, కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే డీఎస్ఓకి చెప్పి పోర్టల్‌లో ఎక్కించాడు. ఇది కంపెనీ ఉద్యోగం కాదు, వెతుకులాట సాగుతూనే ఉంది, కానీ కాయితం నిజం.

ఇప్పటికే డబ్బు వేసేసినవాళ్లు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, ఆలస్యమైతే డబ్బు అకౌంట్లు మారిపోతుంది. హెచ్-1బీలో ఉండి ఫీజు కట్టించుకుంటే అక్కడి లేబర్ డిపార్ట్‌మెంట్ వేజ్ అండ్ అవర్ డివిజన్‌కి WH-4 ఫారం ఉంది, 12 నెలల్లోపు పంపాలి. ఇక్కడ కంప్లైంట్ ఇస్తే "అది అమెరికా మేటర్ కదా" అంటారేమోనని చాలామంది స్టేషన్‌కే వెళ్లట్లేదు. డబ్బు వేసింది వైజాగ్ నుంచి, పడింది మన దేశం అకౌంట్‌లో, కాబట్టి ఇక్కడే తీసుకోవాలని పోలీసు అధికారులు ఒక మాట బయటికి చెప్తే బాగుంటుంది. మీ పత్రిక క్లాసిఫైడ్స్‌లో కూడా "ఓపీటీ వారికి గ్యారంటీ ప్లేస్‌మెంట్" లాంటి ప్రకటన వస్తే కంపెనీ పూర్తి పేరు, రిజిస్టర్ అయిన స్టేట్ రాయకుండా ఉత్త ఫోన్ నంబర్‌తో వెయ్యొద్దని మనవి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం