ఫస్ట్ రషర్ మాట: మా హాకీ క్లబ్‌కి కృతజ్ఞతలు

నిన్న వీడ్కోలు సభలో మైక్ చేతికిచ్చారు. రాసుకెళ్లిన కాగితం జేబులోనే ఉండిపోయింది. నాలుగు మాటలయ్యాక గొంతు పట్టేసింది, కూర్చున్నాను. చెప్పాల్సిన థాంక్స్‌లో ముప్పాతిక భాగం చెప్పనేలేదు. ఆ బాకీ తీర్చుకుందామని ఇది రాస్తున్నాను.

ఈ క్లబ్‌లో 19 ఏళ్లు ఆడాను. నిన్న మాట్లాడినవాళ్లంతా నా గోల్స్ లెక్క చెప్పారు. నిజం చెప్పాలంటే అవి మొత్తం పదకొండు. వాటిలో రెండు నాకు తెలియకుండా నా స్టిక్‌కి తగిలి లోపలికి వెళ్లినవి. నేను అసలు చేసిన పని వేరే. 14 ఏళ్లపాటు మన మీదికి పెనాల్టీ కార్నర్ వచ్చినప్పుడల్లా గోల్‌లోంచి మొదట పరిగెత్తింది నేను. భారత జట్టుకి ఆడిన డిఫెండర్ అమిత్ రోహిదాస్ ఆట చూసినవాళ్లకి ఫస్ట్ రషర్ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం కొంచెం చెబుతాను, లేకపోతే నేను ఎవరికి ఎందుకు రుణపడ్డానో అర్థం కాదు.

పెనాల్టీ కార్నర్‌లో కాపాడేవాళ్లు ఐదుగురే ఉంటారు. కీపర్, ఇంకో నలుగురు. మిగతా ఆరుగురూ సెంటర్ లైన్ అవతల నిలబడి చూడాల్సిందే. గోల్‌పోస్ట్‌కి కనీసం 10 మీటర్ల దూరంలో బ్యాక్‌లైన్ మీద బంతి పెట్టి అవతలివాళ్లు లోపలికి తోస్తారు. గోల్ ముందు గీసిన సర్కిల్ బయట ఒకడు దాన్ని ఆపితే, ఫ్లిక్కర్ దాన్ని స్టిక్‌తో ఈడ్చుకుంటూ తెచ్చి గోల్ మీదికి విసురుతాడు. బాగా ఆడే టీమ్‌కి ఇదంతా సుమారు ఒకటిన్నర సెకను పని. అంతలోపే ఫస్ట్ రషర్ గోల్ లైన్ నుంచి ఫ్లిక్కర్ ముందుకు చేరాలి.

చాలామంది రషర్ బంతి లాక్కోవడానికి వెళ్తాడనుకుంటారు. అది దొరికితే అదృష్టం. అసలు పని దారి మూయడం. గోల్ వెడల్పు 3.66 మీటర్లు. కీపర్ ఒక్కడే దాన్నంతా కాయలేడు. కాబట్టి ముందే పంచుకుంటాం, ఈ సగం నాది, ఆ సగం నీది అని. నేను నా గీత మీద తిన్నగా వెళ్లి, స్టిక్‌ని నేలకి ఆనించి, ఒంటిని బంతి దారికి కాస్త పక్కన ఉంచితే నా సగం మూసుకుపోతుంది. కీపర్ ధైర్యంగా తన సగానికి వాలిపోవచ్చు. నా గీత వంకరపోతే మాత్రం గోల్ తినేది కీపర్. తిట్లు కూడా వాడికే.

ఇక అసలు సంగతి. తొమ్మిదేళ్ల కిందట ఒక లీగ్ మ్యాచ్‌లో చివరి నిమిషాల్లో కార్నర్ వచ్చింది. మాస్క్ పెట్టుకున్నాను, గ్లవ్ తొడుక్కున్నాను. మోకాలి గార్డ్ పట్టీ ఒకటి తెగిపోయి ఉంది. ఒక్క కార్నరే కదా అని దాన్ని పక్కన పడేసి లైన్ మీద నిలబడ్డాను. ఫ్లిక్ నా స్టిక్ మీదుగా లేచి నేరుగా ఎడమ మోకాలిచిప్పకి తగిలింది. అంపైర్ మనకి ఫ్రీ హిట్ ఇచ్చారట. ఐదు మీటర్లలోపు ఉన్న డిఫెండర్‌కి మోకాలి మీద గానీ, ఆపైన గానీ తగిలితే ఫ్రీ హిట్, కిందికి తగిలితే మళ్లీ కార్నర్. అంటే సరైన చోటే తగిలించుకున్నానన్నమాట. ఈ జోక్ హాస్పిటల్‌కి వెళ్లే కారులో మన సెంటర్ హాఫ్ వేశాడు. అప్పుడు నవ్వు రాలేదు, ఇప్పుడు వస్తోంది.

చిప్ప పగిలింది గానీ ముక్కలు పక్కకి జరగలేదు, కాబట్టి ఆపరేషన్ అవసరం పడలేదు. ఆరు వారాలు కాలు చాపి బ్రేస్‌లో ఉంచాలన్నారు. ఖర్చుకి ఎవరెవరు ఎంత వేసుకున్నారో నాకు ఇప్పటికీ చెప్పరు. సెక్రటరీ గారిని అడిగితే "పుస్తకం పోయింది" అంటారు. తొమ్మిదేళ్లుగా అదే మాట.

బ్రేస్ తీసేసరికి ఎడమ తొడ చూసి భయపడ్డాను, చిక్కి సగమైంది. జూనియర్ టీమ్‌కి వచ్చే ఫిజియో మేడమ్ వారానికి రెండుసార్లు ఇంటికొచ్చారు. మొదటి నెలంతా ఆవిడ చేయించింది చూసేవాళ్లకి ఏమీ లేనట్టే ఉంటుంది. మోకాలి కింద టవల్ చుట్ట పెట్టి, తొడ బిగించి దాన్ని కిందికి నొక్కాలి, ఐదు సెకన్లు లెక్కపెట్టి వదలాలి. ఆ తర్వాతే కాలు మడవడం మొదలైంది. మడిచిన ప్రతిసారీ ఆవిడ కోణం కొలిచి రాసుకునేవారు. నేను తొందరపడి స్క్వాట్స్ చేశానని వాపు చూసి కనిపెట్టేశారు. నేను అబద్ధమాడినా మోకాలు ఆడదని చెప్పి వారం రోజులు వెనక్కి తీసుకెళ్లారు. మేడమ్, ఆ వారం మిమ్మల్ని మనసులో చాలా తిట్టుకున్నాను. క్షమించండి.

అయిదో నెలలో డాక్టర్ ఆడుకోవచ్చన్నారు. నేనూ బాగైపోయాననే అనుకున్నాను. మొదటి ప్రాక్టీస్‌లో నాలుగు కార్నర్లు పరిగెత్తాను. మా కీపర్‌కి అప్పుడు పంతొమ్మిదేళ్లు, టీమ్‌లోకి వచ్చి ఏడాది కూడా కాలేదు. అందరూ వెళ్లేదాకా ఆగి దగ్గరికొచ్చి, "అన్నా, ఏమీ అనుకోకండి. మీ గీత వంగుతోంది. మీ సగం నాకు ఖాళీగా కనిపిస్తోంది" అన్నాడు.

కోపం వచ్చింది. ఫోన్‌లో వీడియో చూపించాడు. కోపం పోయి సిగ్గేసింది. మూడో అడుగు దాకా తిన్నగానే వెళ్తున్నాను. అక్కడినుంచి నాకు తెలియకుండానే ఒక అడుగు దూరం పక్కకి జరుగుతున్నాను. ఫ్లిక్కర్ భుజం కదలగానే తల తిప్పేస్తున్నాను. తల తిరిగితే స్టిక్ నేల వదిలేస్తుంది, బంతికి దాని కింద కావలసినంత సందు. మోకాలు నయమైంది గానీ భయం ఇంకా లోపలే ఉందన్నమాట. డాక్టర్‌కి అది కనపడదు. వెనక నిలబడ్డ కీపర్‌కి కనపడుతుంది.

ఆ తర్వాత ఏడు వారాలు మీరు నా కోసం చేసింది బయటివాళ్లకి తెలియదు. మన ఫ్లిక్కర్ ప్రతి మంగళ, గురువారాలు నలభై నిమిషాలు ముందొచ్చేవాడు. ఫ్లిక్కర్ అన్నవాడికి గోల్స్ కొట్టడం ప్రాక్టీస్ చేసుకోవాలని ఉంటుంది, నా భయం పోగొట్టాలని ఎందుకుంటుంది? అయినా వచ్చాడు. మొదటి రెండు వారాలు టెన్నిస్ బంతులే. అవి మోకాలికి తగిలినా ఏమీ కాదని ఒంటికి తెలియాలి. తర్వాత అసలు బంతితో, కానీ నెమ్మదిగా తోస్తూ. కోచ్ గారు కోన్‌లు రెండు వరసలుగా పెట్టి మధ్యలో మనిషి పట్టేంత సందు మాత్రమే వదిలారు. కోన్ పడితే గీత వంగినట్టు. కీపర్ వెనకనుంచి "తల, తల" అని అరుస్తూనే ఉండేవాడు. మొదటి రోజు ఆరు కోన్‌లు పడ్డాయి. చివరి వారం ఫ్లిక్కర్ పూర్తి బలంతో విసిరితే ఒక్కటి కూడా పడలేదు. ఆ రోజు కిట్ చూసుకునే బాబాయ్ తెగిన పట్టీకి బదులు కొత్తది తనే కుట్టి తెచ్చి, నా రెండు కాళ్లకీ తనే కట్టారు. పెద్దాయన వంగి కడుతుంటే ఏం చేయాలో తోచలేదు. (బాబాయ్, ఇన్నేళ్లు మా మాస్క్‌లు కడిగినందుకు వేరే దండం. ఆ వాసన ఏమిటో పెట్టుకున్నవాళ్లకే తెలుసు.)

అలా దొరికిన తొమ్మిదేళ్లు ఇవి. నేను సంపాదించుకున్నవి కావు, మీరిచ్చినవి.

మరి ఇప్పుడెందుకు మానేస్తున్నావని నిన్న చాలామంది అడిగారు. నొప్పులేమీ లేవు. ఈ సీజన్‌లో ఒకే నెలలో రెండుసార్లు బంతి కదలకముందే గోల్ లైన్ దాటాను. అలా దాటినవాణ్ని సెంటర్ లైన్ అవతలికి పంపేస్తారు, వాడి బదులు ఇంకొకరు రాకూడదు. ఐదుగురు కాయాల్సిన చోట నలుగురే మిగిలారు. రెండోసారి గోల్ పడింది. సెంటర్ లైన్ దగ్గర నిలబడి అది చూడటం అంత బాధ ఇంకోటి లేదు.

అదే కీపర్ మళ్లీ ఫోన్ పట్టుకొచ్చాడు. సెకనుకి 30 ఫ్రేములు తీసే వీడియో. నాలుగేళ్ల కిందటి మ్యాచ్‌లో బంతి కదిలాక అయిదో ఫ్రేముకి నా కాలు లేచింది. ఈ ఏడాది తొమ్మిదో ఫ్రేముకి. తేడా నాలుగు ఫ్రేములు, అంటే సెకనులో ఎనిమిదో వంతు కన్నా కాస్త ఎక్కువ. సెకనుకి ఆరు మీటర్లు పరిగెత్తేవాడికి అది దాదాపు 80 సెంటీమీటర్లు, ఇంచుమించు ఒక స్టిక్ పొడవు. ఒకప్పుడు స్టిక్ అందిన చోటికి ఇప్పుడు అందడం లేదు. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "అన్నా, లేటవడం కాదు సమస్య. లేటవుతున్నానని మీకు తెలిసిపోయి, ముందే బయల్దేరుతున్నారు" అన్నాడు.

ఈసారి కోపం రాలేదు. పంతొమ్మిదేళ్ల వయసులో నిజం చెప్పి నన్ను తిరిగి ఆటలోకి తెచ్చినవాడు, ఇప్పుడూ నిజమే చెప్పాడు. తమ్ముడూ, రెండుసార్లకీ థాంక్స్. నిన్న సభలో నీ పేరెత్తగానే గొంతు పట్టేసింది, అందుకే మిగతాది చెప్పలేకపోయాను.

మా ఇంట్లోవాళ్ల గురించి ఇక్కడ రాయను, వాళ్లకి ఇంట్లోనే చెప్పుకుంటాను. కోచ్ గారికి ఒక మాట. నన్ను మొదటిసారి రషర్‌గా నిలబెట్టినప్పుడు "నీకు వేగం లేదు గానీ, గీత తప్పవు" అన్నారు. అది పొగడ్తా తిట్టా అని చాలా ఏళ్లు ఆలోచించాను.

కొత్త రషర్‌కి రెండు విషయాలు. నా మాస్క్ అడిగావు, ఇవ్వను. లోపలి ఫోమ్ చచ్చిపోయింది, గుర్తుగా దాచుకోవడానికే గానీ పెట్టుకోవడానికి పనికిరాదు. నీ ముఖానికి సరిపోయే కొత్తది బాబాయ్‌కి ఇచ్చి ఉంచాను. రెండోది నీకు కాదు, కీపర్‌కి. వీడు ఎప్పుడైనా ఒక్క కార్నరే కదా అని మోకాలి గార్డ్ లేకుండా లైన్ మీదికొస్తే, చెయ్యెత్తి ఆట ఆపించు. పట్టీలు బిగించాకే లైన్ మీదికి రానివ్వు.

గురువారం నలభై నిమిషాలు ముందొస్తాను. కోన్‌లు నేను పెడతాను.