సింధనూరులో మా మేనేజరు గారి వీడ్కోలు మాటలు

ఒరేయ్ సీనూ,

మా బ్యాంకు మేనేజరు గారు రిటైరైన రోజు కన్నడలో ఏం మాట్లాడారో చెప్పమని అడిగావు కదా. ఫోన్లో చెబితే సగం జారిపోతుందని కాగితం మీద పెడుతున్నాను. వచ్చే ఏడు చిక్కబళ్ళాపురంలో నువ్వూ అలాగే మైకు ముందు నిలబడాలి. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నా, ఓపికగా చదువు.

ఆయనది ఉడుపి వైపు. ఉద్యోగంలో చేరగానే క్లర్కుగా వేసింది ఇక్కడికే, ఈ సింధనూరుకే. తర్వాత ఎన్నో ఊళ్లు తిరిగి, చివరి పోస్టింగుకి మేనేజరుగా మళ్లీ ఇక్కడికే వచ్చారు. అప్పట్లో ఆయన మాట్లాడే పుస్తకాల కన్నడ విని రాయచూరు జిల్లా రైతులు నవ్వేవారట. ఇప్పుడు ఆయన నోట ప్రతి మాట చివరా ఇక్కడి 'రీ' పలుకుతుంది. మైకు అందుకోగానే "ఎల్లరిగూ నమస్కార్రీ" అన్నారు చూడు, హాలంతా చప్పట్లు.

నెలాఖరు రోజు, లావాదేవీలు ముగిశాక పెట్టుకున్నాం వీడ్కోలు సభ, ఇక్కడి మాటలో బీళ్కొడుగె సమారంభం. అప్పటికే ఆయన తాళాలు అప్పగించి, ఛార్జి కాగితాల మీద సంతకాలు పెట్టేశారు. ప్రార్థన, స్వాగతం, మా అందరి మాటలు, శాలువా, హారం, మైసూరు పేటా తలపాగా, ఫలతాంబూలం అన్నీ అయ్యాకే ఆయన వంతు వచ్చింది. అప్పటికి జనం అలసిపోయి ఉంటారు. వరుసగా పేర్లు చదువుతూ పోతే ఎవరూ వినరు, పైగా ఒక్క పేరు మరిచిపోయినా ఆ మనిషికి అది జన్మంతా గుర్తుండిపోతుంది. అందుకని ఆయన ఏం చేశారంటే, పదవుల వరుస పక్కన పెట్టి, బ్రాంచిలో ఒక రోజు ఎలా గడుస్తుందో ఆ వరుసలో ధన్యవాదాలు చెప్పుకుంటూ వెళ్లారు.

పొద్దున్నే షట్టర్ లేవకముందే వచ్చి ఊడ్చే అమ్మతో మొదలుపెట్టారు. ఆవిడ పర్మనెంటు కాదు, ఇన్నేళ్లలో ఏ సభలోనూ ఎవరూ ఆవిడ పేరు ఎత్తలేదు. ఆ తర్వాత తుపాకీతో నిలబడే గార్డు. ఆ తర్వాత స్ట్రాంగ్ రూమ్. నీకు తెలుసుగా, ఆ తలుపుకి రెండు తాళాలు, ఒకటి మేనేజరు దగ్గర, ఇంకొకటి క్యాష్ చూసే ఆఫీసరు దగ్గర, ఇద్దరూ కలిస్తేనే తెరుచుకునేది. "నన్న ఒందు కీలియింద ఆ బాగిలు ఎందూ తెరెదిల్ల" అన్నారు, నా ఒక్క తాళంచెవితో ఆ తలుపు ఎన్నడూ తెరుచుకోలేదని. ఆ ఆఫీసరమ్మ ముందు వరుసలోనే కూర్చుంది. వాళ్ల నాన్నగారు ఆసుపత్రిలో ఉన్న వారంలో కూడా పొద్దున్నే తాళంచెవితో వచ్చి, తెరిచాక ఇంకొకరికి రాతపూర్వకంగా అప్పగించి వెళ్లిన సంగతి చెప్పారు. బ్యాంకు అంటే తెలియనివాళ్లకి కూడా ఆవిడ ఏం చేసిందో అప్పుడు అర్థమైంది. "చాలా బాగా పనిచేసింది" అని ఊరుకుని ఉంటే అర్థమయ్యేది కాదు.

అలా కౌంటర్లు, పాస్‌బుక్ ప్రింటర్ దగ్గర గొడవలు సర్దే కుర్రాడు, ఆంధ్రా రైతులుండే క్యాంపులకి మెషీన్ పట్టుకెళ్లి పింఛన్లు పంచే బ్యాంక్ మిత్రలు, చివరికి సాయంత్రం క్యాష్ లెక్క తేలేదాకా ఇంటికి వెళ్లని క్యాషియరు. రోజు పూర్తయ్యేసరికి ఎవరూ మిగల్లేదు. వరుస పనిది కాబట్టి ఎవరు ముందు, ఎవరు వెనక అన్న పట్టింపు కూడా రాలేదు.

ఇక కస్టమర్లు. ఇక్కడే రా అసలు కష్టం. ఫలానా ఆయన లోను ఠంచనుగా కట్టారని మెచ్చుకోలుగా అన్నా, ఆయనకి లోను ఉందని ఊరందరికీ చెప్పినట్టే. డిపాజిట్ సంగతీ అంతే. ఖాతాదారుడి లెక్క బయటపెట్టకూడదన్న నియమం వీడ్కోలు సభలోనూ పోదు. అందుకే ఆయన పేరుపెట్టి ఒకే ఒక్కరి గురించి మాట్లాడారు, అదీ ముందురోజే ఆవిడ ఇంటికి వెళ్లి అడిగాక. కూరగాయలు అమ్మే ముసలావిడ. చెక్కు కానీ విత్‌డ్రాయల్ ఫారం కానీ ఇచ్చి, నంబరున్న ఇత్తడి టోకెన్ చేతిలో పట్టుకుని క్యాషియరు పిలిచేదాకా బెంచీ మీద కూర్చునే కాలం అది. కొత్త క్లర్కుగా ఈయన నంబర్లు మెల్లగా పిలుస్తుంటే, "గట్టిగా పిలువు బాబూ, మాలాంటోళ్లకి వినపడాలి కదా" అని ఆవిడే నేర్పిందట. ఇంతకాలం నా గొంతు పెద్దదైందంటే మీ వల్లే అన్నారు. ఆవిడ లేచి నిలబడి దండం పెట్టింది. ఖాతా మాట, డబ్బు మాట ఒక్కటీ రాలేదు, చూశావా?

మిగతా రైతులందరికీ కలిపి చెప్పిన మాట నాకు బాగా నచ్చింది. పంట రుణం మూడు లక్షల దాకా 7 శాతం వడ్డీ, గడువులోపు కడితే అందులో 3 శాతం వెనక్కి వస్తుంది, అంటే చివరికి పడేది 4 శాతమే. లక్షకి ఏడాదికి మూడు వేలు తేడా. ఒక్కరోజు దాటినా ఆ మూడు వేలు పోతాయి. అందుకే గడువుకి ముందు ఆయన అందరికీ ఫోన్లు చేసి విసిగించేవారు. "ఆ ఫోన్లు ఎత్తినందుకు ధన్యవాదాలు రీ, ఎత్తనివాళ్లకి కూడా, వాళ్లు మర్నాడు నేరుగా వచ్చేవాళ్లు" అన్నారు.

తను రుణం ఇవ్వలేనన్నవాళ్లనీ మరిచిపోలేదు. తండ్రి పోయాక కూడా పొలం పహణిలో ఆయన పేరే ఉండి, మ్యుటేషన్ కాకపోవడం వల్ల రుణం దక్కని కొడుకులు ఈ చుట్టుపక్కల ఎంతమందో నీకు తెలుసు. అలాంటివాళ్లకి క్షమాపణ చెప్పి, ఇప్పుడైనా ఆ కాగితం పూర్తి చేయించుకోండి, వచ్చే మేనేజరు దగ్గర మీ దరఖాస్తు ఆగదు అన్నారు. వెనక వరుసలో తుంగభద్ర కాలువ నీళ్ల కోసం తాతల కాలంలో వచ్చి క్యాంపుల్లో స్థిరపడ్డ మన ఆంధ్రా రైతులు ఉన్నారు. ఆ మాట మాత్రం వాళ్ల వైపు తిరిగి తెలుగులో మళ్లీ చెప్పారు, వచ్చీరాని తెలుగులోనే, కానీ ఒక్క ముక్క తప్పకుండా.

చివర్లో పిగ్మీ ప్రస్తావన తెచ్చారు. 1928లో ఉడుపిలో సిండికేట్ బ్యాంకు మొదలుపెట్టిన రోజువారీ పొదుపు అది, ఇంటింటికీ వెళ్లి రెండేసి అణాలు వసూలు చేసేవారు. తన చిన్నతనంలో వాళ్లమ్మ దగ్గరికీ పిగ్మీ ఏజెంటు వచ్చేవాడట, తన చదువు ఫీజు ఆ డబ్బేనట. "హని హని గూడిదరె హళ్ళ, తెనె తెనె గూడిదరె బళ్ళ" అన్న సామెత చెప్పి, చుక్కలు కలిస్తే వాగు, వెన్నులు కలిస్తే కొలపాత్ర నిండా గింజలు అని మా కొత్త ప్రొబేషనర్లకి విడమరిచారు. వీధిలో వసూలు చేసే ఏజెంటుని వేదిక మీదకి పిలిచి, తనకి కప్పిన శాలువా ఆయనకి కప్పారు. నాకు కళ్లు చెమర్చాయి రా.

మొత్తం పావుగంట కూడా మాట్లాడలేదు.

నువ్వు కూడా మీ బ్రాంచి రోజు ఎలా మొదలై ఎలా ముగుస్తుందో ఇప్పటినుంచే గమనించి రాసిపెట్టుకో. మీ దగ్గర పట్టు రైతులు ఎక్కువ కదా, గూళ్ల మార్కెట్ రోజుల్లో మీ కౌంటర్ దగ్గర ఏం జరుగుతుందో అది తప్పకుండా ఉండాలి. పేరు చెప్పాలనుకున్నవాళ్లని ముందే అడుగు. తెలుగు లిపిలోనే రాసి పంపు, కన్నడ నేను సరిచేసి పంపుతా. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
రమణ