ఆడిట్ నివేదికలోని ఆ పేరా గురించి మా పాత ఖాతాదారులకు

"మీ ఆడిట్ రిపోర్టులో కంపెనీ కొనసాగడమే అనుమానమని రాశారట. మూసేస్తున్నారా? మేం కట్టిన అడ్వాన్సు సంగతేమిటి?"

మూసివేసే ఉద్దేశం మాకు లేదు. నిజంగా మూసివేతే ఖాయమై ఉంటే, వ్యాపారం ఇకముందూ సాగుతుందన్న గోయింగ్ కన్సర్న్ ప్రాతిపదికపై లెక్కలు తయారుచేయడమే తప్పయ్యేది. అప్పుడు ఆడిటరు మా లెక్కలు వాస్తవ స్థితిని చూపడం లేదని అడ్వర్స్ ఒపీనియన్ ఇచ్చి ఉండేవారు. ఆయన అలా రాయలేదు.

ఇబ్బందికి మూలం మా ప్రధాన సరఫరాదారు. ముడిసరుకుకు ముందుగానే డబ్బు తీసుకుని, రెండు నెలలు రేపు మాపు అంటూ గడిపి, చివరకు పంపలేమన్నారు. ఆ సొమ్ము నేటికీ తిరిగి రాలేదు. పదిహేడేళ్లలో ఒక్క బిల్లునూ గడువు దాటనివ్వని మాకు దక్కిన మర్యాద ఇది. పైగా ఆర్థిక సంవత్సరం ముగిసిన తొమ్మిదో నెలలో బ్యాంకు రుణం తీర్చాలి.

భవిష్యత్తు చెప్పడం ఆడిటరు పని కాదు. లెక్కల తేదీ నుంచి కనీసం 12 నెలలకు మేము వేసుకున్న అంచనా నిలబడుతుందో లేదో పరీక్షించడం ఆయన బాధ్యత. నా నగదు అంచనా ప్రకారం రుణం తీరుతుంది. అమ్మకాలను 20 శాతం తగ్గించి ఆయన మళ్లీ లెక్కిస్తే ఏడో నెలకే నగదు అయిపోయింది. రుణ గడువు పెంపుపై బ్యాంకు ఇచ్చిన ఉత్తరం చూపించాను. అందులో "పరిశీలిస్తాం" అని ఉంది తప్ప "పొడిగిస్తాం" అని లేదని, దాన్ని హామీగా తీసుకోలేనని అన్నారు.

నన్ను మూడు రాత్రులు నిద్రపోనివ్వనిది ఆ తర్వాతి నిర్ణయం. లెక్కల నోట్‌లో "తాత్కాలిక నగదు ఒత్తిడి" అని రాసి సరిపెట్టాలనుకున్నాను. అలా దాచితే ఆడిటరు అభిప్రాయమే మారి, ఈ విషయం మినహా లెక్కలు సరైనవేనని చెప్పే క్వాలిఫైడ్ గానీ, అడ్వర్స్ గానీ అవుతుంది. రుణ గడువును, నగదు కొరతను, మా ప్రణాళికను, కంపెనీ కొనసాగింపుపై గణనీయమైన సందేహం కలిగించగల అనిశ్చితి ఉందన్న మాటను మేమే స్పష్టంగా రాస్తే అభిప్రాయం మారదు. "గోయింగ్ కన్సర్న్‌కు సంబంధించిన మెటీరియల్ అన్‌సర్టెన్టీ" అనే శీర్షికతో ఒక ప్రత్యేక భాగం మాత్రం చేరి, చదివేవారిని మా నోట్ వైపు మళ్లిస్తుంది, తమ అభిప్రాయంలో ఈ విషయమై మార్పు లేదనీ చెబుతుంది. మీరు చదివినది ఆ భాగమే. నా సంస్థ పేరు పక్కన ఆ మాటలు చూడటం ఇప్పటికీ బాధగానే ఉంది, అయినా వాటిని నేనే ఒప్పుకున్నాను.

అడ్వాన్సులను గత నెల నుంచి వేరే బ్యాంకు ఖాతాలో ఉంచుతున్నాము, సరుకు అందించాకే వాడుకుంటాము. అయితే వేరే ఖాతా ఉన్నంత మాత్రాన, కంపెనీ దివాలా తీస్తే ఆ సొమ్ము మిగతా అప్పులవారికి చెందకుండా ఉంటుందని నేను మాటివ్వలేను. అందుకే కొత్త ఆర్డర్లకు అడ్వాన్సు అడగడం లేదు. పాత అడ్వాన్సు వెనక్కి కావాలన్నవారు రాతపూర్వకంగా తెలియజేస్తే తిరిగి చెల్లిస్తాము. బ్యాంకు నిర్ణయం ఏదైనా, తెలిసిన రోజే మీకు రాస్తాను.