బుధవారం సాయంత్రం క్లాసుకి పిల్లల్ని పంపినవాళ్ళకి, ఆ ఆటో ఆయనకి

పిల్లలందరూ ఇళ్ళకి చేరారు. చివరి ఫోను నందివెలుగు నుంచి వచ్చింది. గొంతు పూర్తిగా పోయింది, బోర్డు ఇంకా తుడవలేదు. రేపు రాద్దాంలే అనుకుంటే ఇక రాయనని తెలుసు, అందుకే ఇప్పుడే కూర్చున్నాను. పదో తరగతి లెక్కల బ్యాచ్ తల్లిదండ్రులందరికీ, పరీక్షల ముందు ఆదివారం క్లాసుని వారం మధ్యలోకి జరిపినా విసుక్కోకుండా పిల్లల్ని పంపినందుకు, మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

ఎందుకు మార్చాల్సి వచ్చిందో ఇంకోసారి చెబుతాను. మార్చి 17 సోమవారం తెలుగు పరీక్షతో పదో తరగతి పరీక్షలు మొదలవుతున్నాయి. 16 ఆదివారం పొద్దున మూడు గంటలు లెక్కలు చేయిస్తే ఆ పిల్లాడు మధ్యాహ్నం పద్యాలు, వ్యాకరణం తెరిచేసరికి అలిసిపోయి ఉంటాడు. లెక్కల పరీక్ష 24న కదా, తొందరేంటి అని ఒకరిద్దరు అడిగారు. 17 నుంచి 21 దాకా తెలుగు, హిందీ, ఇంగ్లీషు రోజు విడిచి రోజు ఉన్నాయి. ఆ వారంలో లెక్కల పుస్తకం ముట్టుకునే వీలుండదు. శుక్రవారం హోలీ, గురువారం సాయంత్రం కొన్ని వీధుల్లో కామదహనం. శనివారం నుంచి ఎవరి ధ్యాసయినా తెలుగు మీదే. మంగళవారం పెడదామంటే కబురు అందరికీ అందే వ్యవధి లేదు. అన్నీ తీసేస్తే మిగిలింది 12 బుధవారం సాయంత్రం.

నేను పంపిన మెసేజ్‌ని ఇద్దరు ముగ్గురు ట్యూషన్ మాస్టార్లు అడిగారు కాబట్టి ఇక్కడే పెడుతున్నాను. 9వ తేదీ ఆదివారం క్లాసు వదలగానే పంపింది ఇది:

"పదో తరగతి లెక్కల బ్యాచ్ తల్లిదండ్రులకు నమస్కారం. మార్చి 16 ఆదివారం ఉదయం 9 గంటల క్లాసు లేదు. దాని బదులు మార్చి 12 బుధవారం సాయంత్రం 6 నుంచి 8 వరకు క్లాసు. చోటు అదే. 17న తెలుగు పరీక్ష ఉన్నందువల్ల ఈ ఒక్క ఆదివారానికే ఈ మార్పు. 23 ఆదివారం క్లాసు మామూలుగానే ఉదయం 9కి. గ్రాఫ్ పేపర్లు నాలుగు, స్కేలు, పెన్సిలు, నీళ్ళ సీసా పంపండి. ఏదైనా తినిపించి పంపండి. మంగళవారం రాత్రి 8 లోపు మూడు విషయాలు రాయండి: మీ పిల్లల పేరు, వస్తారా రారా, రాత్రి 8కి ఎవరు తీసుకెళ్తారు. రాలేనివాళ్ళకి అవే లెక్కలు కాగితం మీద ఇస్తాను. దీనికి వేరే ఫీజు లేదు."

ఇందులో ముందు రాసింది లేని క్లాసు గురించి. చాలామంది కొత్త టైము మాత్రమే రాస్తారు. అప్పుడు సగం మంది బుధవారం అదనపు క్లాసు అనుకుని ఆదివారం కూడా వచ్చి తలుపు కొడతారు. "ఎల్లుండి", "ఈ బుధవారం" లాంటివి అసలు రాయకూడదు. మెసేజ్ ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళ్ళి రెండు రోజుల తర్వాత చదివేవాళ్ళుంటారు. వాళ్ళకి ఎల్లుండి వేరే రోజు అవుతుంది. తేదీ, వారం రెండూ ఉంటే ఒకటి తప్పు చదివినా రెండోది పట్టిస్తుంది. తర్వాత ఏదైనా దిద్దాల్సి వచ్చినా పాత మెసేజ్‌ని ఎడిట్ చేయొద్దు. ముందే ఫార్వర్డ్ అయిపోయిన కాపీలు మారవు. "ఇదే సరైనది" అని కొత్తగా పంపడమే మంచిది.

వాట్సాప్ పోల్ పెట్టొచ్చుగా అన్నారు. పోల్‌లో కనపడేది ఫోను ఎవరిదో వాళ్ళ పేరు. "శ్రీ సాయి ఫ్యాన్సీ" అని ఉంటే అది ఎవరి నాన్నో గుర్తుపట్టడానికే సాయంత్రం అవుతుంది. బొటనవేలు బొమ్మ పెట్టినవాళ్ళు చూశారని తెలుస్తుందే గానీ పిల్లాడు వస్తాడని తెలియదు. అందుకే పేరు రాయమన్నది. సోమవారం రాత్రి ఆ మెసేజ్‌ని నొక్కి పట్టుకుని ఇన్ఫోలో ఎవరు చదివారో చూసి, చదవనివాళ్ళకి మాత్రమే ఫోన్లు చేశాను. ఒక నాన్నగారు లారీ మీద ఒడిశాలో ఉన్నారు, గ్రూపులో ఉన్న నంబరు ఆయనదే. పాపని పంపాల్సిన అమ్మకి ఆ మెసేజ్ ఎలా చేరుతుంది? అక్కడ దొరికారు ఆటో ఆయన.

ఆయన ఎవరో నాకు తెలీదు. మా క్లాసులో ఆయన పిల్లలెవరూ లేరు. నందివెలుగు వైపు నుంచి ముగ్గురు ఆడపిల్లలు, అంగలకుదురు నుంచి ఇద్దరు మా దగ్గరికి వస్తారు. ఆదివారం పొద్దున అయితే షేర్ ఆటో ఎక్కి వచ్చేస్తారు. మార్చిలో ఆరున్నరకల్లా చీకటి పడుతుంది. ఎనిమిదింటికి షేర్ ఆటో నిండేదాకా సెంటర్లో నిలబడాలి, దిగాక లోపలి వీధిలోకి నడవాలి. సాయంత్రం క్లాసంటే అమ్మలు జంకేది అక్కడే. చదవడం రాని ఒకమ్మ ఎవరో పంపిన మెసేజ్‌ని ఆటోలో కూర్చుని ఈయనకి చూపించి ఏముందో చెప్పమన్నారట. ఆయన చదివి ఊరుకోలేదు. ఆమె ఫోన్లోనే ఒక వాయిస్ రికార్డు చేసి ఇచ్చారు. అది తిరిగి తిరిగి నాకు చేరింది. ఉన్నది ఉన్నట్టు:

"అమ్మా, పదహారో తారీకు ఆదివారం పొద్దున పిల్లని పంపమాకండి, క్లాసు లేదు. పన్నెండో తారీకు బుధవారం సాయంత్రం పంపండి. అయిదుంపావుకి రామాలయం కాడికి నేనే వస్తా. ఏదన్నా టిఫిను పెట్టి పంపండి. ఎనిమిదింటికి క్లాసు వదలగానే తీసుకొచ్చి మీ గుమ్మం ముందే దించుతా. మీకు ఫోను చేసి గానీ బయల్దేరను."

అరనిమిషం కూడా లేదు. నేను రాసినవాటిలో ముఖ్యమైనవి ఉన్నాయి, పైగా ఏ తల్లయినా అడిగే ప్రశ్నకి జవాబు కూడా ఉంది. ఆయన్ని అడిగి అదే వాయిస్‌ని గ్రూపులో పెట్టాను. అప్పటిదాకా "చూద్దాం" అన్నవాళ్ళలో చాలామంది ఆ రాత్రే పేర్లు రాశారు. టెక్స్ట్ కింద వాయిస్ కూడా పెట్టడం ఇకనుంచి మానను.

ఆయనకి సాయంత్రం బడి పిల్లల ట్రిప్పులున్నాయి. రెండో ట్రిప్పుని ఇంకో ఆటో ఆయనకి అప్పగించి మన పిల్లల కోసం ఖాళీ చేసుకున్నారు. ఎనిమిది మందిని ఎక్కించే బండిలో అయిదుగురినే ఎక్కించారు. క్లాసు జరుగుతున్నంతసేపూ వేరే బేరం చూసుకోలేదు, ఎదురుగా లైటు కింద బండి పెట్టి కూర్చున్నారు. వెళ్ళేటప్పుడు ముందు అంగలకుదురు పిల్లల్ని, తర్వాత మిగతావాళ్ళని, అందరికంటే లోపలి వీధిలో ఉండే అమ్మాయిని చివర. ఒక్కొక్కరిని దింపాక ఆ గుమ్మం ముందు నుంచే నాకు ఫోను. డబ్బులు రోజూ షేర్ ఆటోలో ఇచ్చేంతే తీసుకున్నారు. ఎక్కువ ఇవ్వబోతే, "ఈళ్ళు లెక్కలు తప్పితే ఎవరికి నష్టం టీచరమ్మా" అని బండి స్టార్ట్ చేశారు. నాకు మాట రాలేదు. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. బాబాయ్, మీరు ఇది చదివితే మీ గురించే అని తెలుసుకోండి.

ఇంట్లోవాళ్ళు టీలు కాచారు, బెంచీలు మోశారు. వాళ్ళకి విడిగా చెప్పుకుంటాను.

ఒక మాట అనకపోతే నిద్ర పట్టదు. ఒక బడిలో మంగళవారం సాయంత్రం హఠాత్తుగా స్టడీ అవర్‌ని బుధవారం ఆరున్నర దాకా పొడిగించారు. కాగితం లేదు, మెసేజ్ లేదు, పిల్లల నోటి మాటే. ట్యూషన్‌కి వెళ్ళాలంటే సంతకం పెట్టిన ఉత్తరం తెమ్మన్నారు, అది కూడా బుధవారం మధ్యాహ్నం చెప్పారు. పదిహేనేళ్ళ పిల్లలు పొద్దున ఎనిమిది నుంచి అక్కడే ఉంటారు. పొడిగించిన గంటలో ఏం చదివిస్తారో కూడా ఎవరూ చెప్పరు. కనీసం ఒకరోజు ముందు రాసి పంపితే అమ్మానాన్నలు ఏదో ఒకటి తేల్చుకుంటారు కదా. అలా ఇరుక్కున్న నలుగురు ఆరూ నలభైకి వచ్చారు, వాళ్ళకోసం ముందు వరుస ఖాళీ ఉంచాం.

రెండు గంటల్లో ఏం చేయించారని అడిగిన నాన్నగారికి: మూడు గంటల పని రెండు గంటల్లో అవదు. అందుకే పాత పేపరు మొత్తం పెట్టలేదు, ఎనిమిది మార్కుల ప్రశ్నలు అయిదే పెట్టాను. అవే నలభై మార్కులు. చదువుకోడానికిచ్చే పదిహేను నిమిషాలు పోతే వంద మార్కులకి మూడు గంటలు, అంటే నలభై మార్కులకి 72 నిమిషాలు. మిగతా 48 నిమిషాలు దిద్దుకోడానికి. ఎక్కువమంది పోగొట్టుకున్నది గ్రాఫ్ లెక్కలో. x + y = 5, 2x − y = 4 ఇచ్చాను. రెండో గీతకి రెండే బిందువులు తీసుకుని, (2, 0) సరిగ్గానే పెట్టి, x = 1 దగ్గర y = −2 బదులు 2 వేసినవాళ్ళకి గీతలు (−1, 6) దగ్గర కలిశాయి. చూడటానికి చక్కగా ఉంది, జవాబు తప్పు. మూడో బిందువు (0, −4) కూడా పెట్టి ఉంటే మూడూ ఒకే గీత మీద పడవు, తప్పు అక్కడే దొరికిపోతుంది. సరైన జవాబు (3, 2). ఇంట్లో గ్రాఫ్ వేస్తుంటే మూడో బిందువు పెట్టారా అని మాత్రం అడగండి, లెక్క మీకు రాకపోయినా పర్లేదు.

అయ్యో, ఇంకా ఉన్నారు. గ్రాఫ్ పేపర్లు మర్చిపోయినవాళ్ళకి షాపు మూసే వేళ షట్టరు మళ్ళీ ఎత్తి ఇచ్చిన జిరాక్స్ అబ్బాయికి. సైకిళ్ళు పెట్టుకోనిచ్చిన కింది వాటా అత్తయ్యగారికి. ఏడుంపావుకి కరెంటు పోతే ఇన్వర్టరు నుంచి వైరు లాగి ఒక లైటు ఇచ్చిన పక్కింటి అన్నయ్యకి. తొమ్మిదో తరగతి క్లాసుని గురువారానికి జరిపితే ఒక్క మాట అనని ఆ తల్లిదండ్రులకి. ఆ లారీ నాన్నగారికి కూడా, ఒడిశా నుంచి ఫోను చేసి అమ్మ నంబరు ఇచ్చినందుకు. అది గ్రూపులో చేర్చాను.

రానివాళ్ళ కాగితాలు బల్ల మీద పేర్లు రాసి ఉన్నాయి, శనివారం సాయంత్రం అయిదు లోపు ఎవరైనా వచ్చి తీసుకోవచ్చు. 16న రావద్దు. 23 ఆదివారం ఉదయం 9కే, రెండు గ్రాఫ్ పేపర్లతో.