మా ప్లమ్ కేకులో రమ్ ఎంత మిగులుతుంది?

"అండీ, ప్లమ్ కేకులో రమ్ వేస్తారట కదా. ఓవెన్‌లో కాల్చాక అదంతా ఆవిరైపోతుందంటారు, నిజమేనా? మా పిల్లలకు పెట్టొచ్చా?"

పూర్తిగా పోదండి. పిల్లలకు రమ్ లేని కేకే తీసుకోండి. క్రిస్మస్ ఆర్డర్లు మొదలవుతున్నాయి కాబట్టి విజయవాడలో మా దగ్గర కేకు కొనే అందరికీ ఈ లెక్క చెప్పాలనిపించింది.

ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది, నీళ్లు 100కి. అందుకే ముందు ఆల్కహాల్ మొత్తం పోయి నీళ్లు మిగులుతాయని చాలామంది అనుకుంటారు. కానీ రెండూ కలిశాక ఆవిరి కూడా కలిసే వెళ్తుంది. ఆల్కహాల్ తగ్గేకొద్దీ ఆ ఆవిరిలో నీళ్ల వాటా పెరుగుతుంది, చివరి కాస్తా ఒక పట్టాన వదలదు. 1992లో అమెరికాలో కొన్ని వంటకాలు చేసి కొలిస్తే, పద్ధతిని బట్టి 4 నుంచి 85 శాతం దాకా మిగిలింది. పిండిలో కలిపి గంటసేపు కాల్చితే దాదాపు 25 శాతం ఉంటుందని అక్కడి ప్రభుత్వ పట్టిక. పైన పోసి మంట అంటించినా 75 శాతం ఉండిపోతుంది.

ఇక మా కేకు. కిలో కేకులోకి వెళ్లే ఎండుద్రాక్ష, చెర్రీలు సుమారు 100 మి.లీ. రమ్ పీల్చుకుంటాయి. రమ్ 42.8 శాతం కాబట్టి అందులో ఆల్కహాల్ 34 గ్రాములు. గంట కాలాక ఎనిమిదిన్నర గ్రాములు మిగులుతాయనుకోండి. మా టిన్ను లోతైనది, పైన పెచ్చు కట్టేస్తుంది, నానిన పండు లోపలిది త్వరగా బయటికి రాదు. అందుకని దీన్ని అంచనాగానే చూడండి.

అసలు సంగతి ఓవెన్ తర్వాత ఉంది. కేకు ఆరాక బ్రష్‌తో ఇంకో 30 మి.లీ. రమ్ పూస్తాం. దానికి వేడి తగలదు, కవర్ చుట్టి దాచేస్తాం. అంటే మరో 10 గ్రాములు, కాల్చాక లోపల మిగిలినదానికన్నా ఎక్కువ. కేకు 16 ముక్కలు కోస్తే ముక్కకు గ్రాము పైచిలుకు. 30 మి.లీ. పెగ్గులో ఉండేది 10 గ్రాములు.

పెద్దవాళ్లకు ఇది చిన్న మోతాదే. కానీ గర్భిణులకు, మత నియమం వల్ల ముట్టనివారికి, తాగుడు మానేసినవారికి లెక్క వేరు. మానడానికి డైసల్ఫిరామ్ మాత్రలు వేసుకుంటున్నవారికి కొద్దిపాటి ఆల్కహాల్ కూడా పడదు. వాసన చూసి తేల్చుకోవద్దు. మసాలా ఘాటులో రమ్ వాసన తెలియదు.

అందుకే "కాల్చాక ఆల్కహాల్ ఉండదు" అని మా డబ్బా మీద రాయం. ఆర్డరిచ్చేటప్పుడు అడగండి, పైన రమ్ పూయకుండా ఇస్తాం. అసలు వద్దంటే బత్తాయి రసంలో నానబెట్టినది ఉంది, దాని పళ్ల జాడీ, బ్రష్, టిన్ను అన్నీ వేరు. అది రమ్ కేకులా వారాల తరబడి నిలవ ఉండదు, ఫ్రిజ్‌లో పెట్టి నాలుగైదు రోజుల్లో తినేయాలి. కాబట్టి పండగకు రెండు రోజుల ముందు తీసుకెళ్లేలా ఆర్డర్ పెట్టండి.