పెద్దమ్మ పేరూ, కారు చెవీ

ఒరేయ్ రఘూ,

కార్లో బటన్ నొక్కి "పెద్దమ్మకి కాల్ చెయ్యి" అంటే ఫోన్ కలపకుండా ఇంకేదో చేస్తోందని నువ్వు రాసిన ఉత్తరం చదివి పడీపడీ నవ్వాను. నువ్వు తిట్టిన తిట్లు కూడా కారు శ్రద్ధగా విని, ఏదో ఒక పాట పెట్టే ఉంటుందిలే. కానీ చివర్లో "నా యాస దానికి ఎక్కదు, అంతే" అని తేల్చేశావు చూడు, అది మాత్రం ఒప్పుకోను. నేను ఇన్నేళ్లుగా చేస్తున్నది ఈ మాటలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించే పనే కదా. అందుకే మొన్న ఆదివారం నీ గొడవని నా కార్లో పెట్టుకుని గంటసేపు కూర్చున్నాను.

కారు ఆపి, ఏసీ కట్టేసి, అద్దాలు ఎత్తేశాను. భాష ఇంగ్లిష్‌లోనే ఉంచాను, నీ కార్లోలాగే. స్టీరింగ్ మీది బటన్ నొక్కి, బీప్ వచ్చాక, "పెద్దమ్మకి కాల్ చెయ్యి" అన్నాను. తెర మీద Pedometer call J అని పడింది! చుట్టూ చప్పుడే లేదు, కాబట్టి తప్పు మైకుది కాదు. మళ్లీ బటన్ నొక్కి ఈసారి "కాల్ పెద్దమ్మ" అన్నాను. Call Pedro Ma అని వచ్చింది. చూశావా, మొదటి మాట సరిగ్గా పట్టుకుంది, తప్పు ఒక్క పేరుకే పరిమితమైంది. నేను అదే మనిషిని, నా యాస అదే యాస. మారింది మాటల వరస ఒక్కటే.

ఎందుకంటే, అది మనం అన్న మాటల్ని ఒక్కొక్కటిగా విని రాసుకుంటూ పోదు. విన్న శబ్దానికి సరిపోయే వాక్యాలు చాలా ఊహించుకుని, ఏ మాట తర్వాత ఏ మాట రావడం మామూలో చూసి ఒకదాన్ని ఎంచుకుంటుంది. ఇంగ్లిష్ వాక్యంలో "కాల్" వినపడగానే తర్వాత ఎవరి పేరో వస్తుందని దానికి తెలుసు. అందుకే అక్కడ నీ ఫోన్‌బుక్‌లో ఉన్న పేర్లకి నాలుగు మార్కులు ఎక్కువ వేస్తుంది. మనమేమో పేరు ముందు చెప్పి, ఏం చెయ్యాలో చివర చెబుతాం. "పెద్దమ్మకి" అనేటప్పటికి అది ఫోన్ సంగతా, పాట సంగతా, దారి సంగతా దానికింకా తెలియదు. ఆ శబ్దానికి దగ్గరగా తనకి బాగా అలవాటైన ఇంగ్లిష్ మాట ఏదుందా అని వెతుక్కుంటే పెడోమీటర్ దొరికింది, పాపం.

దానికితోడు మనం పేరుని ఉన్నదున్నట్టు ఉంచం. ఫోన్‌బుక్‌లో పెద్దమ్మ ఉంది గానీ "పెద్దమ్మకి" లేదు. "కి" ఒక్కటే అయితే ఫరవాలేదు, తమ్ముడు కాస్తా తమ్ముడికి అవుతాడు, ఇల్లు ఇంటికి అవుతుంది. "ఇంటికి రూట్ పెట్టు" అన్నావనుకో, అందులో ఒక్క "రూట్" మాత్రమే ఇంగ్లిష్. మనకది ఇంగ్లిష్ కలిపిన తెలుగు. దానికేమో మూడు మాటల్లో రెండు అర్థంకాని ఇంగ్లిష్.

ఇక పేరు సంగతి. Peddamma అని రాసుకున్నాం కదా, దాన్ని ఎలా పలకాలో ఆ యంత్రం ఇంగ్లిష్ చదివే పద్ధతిలోనే ఊహించుకుంటుంది. ఇంగ్లిష్ d మన "డ"కి దగ్గర, నాలుక పళ్లకి తగిలించి పలికే "ద" కాదు. అక్షరం రెండుసార్లు రాస్తే ఒత్తి పలకాలన్న ఆలోచన కూడా దానికి ఉండదు. అది ఎదురుచూసేది "పెడామా" లాంటిదేదో. మనం చక్కగా "పెద్దమ్మ" అంటే అదెవరో కొత్త మనిషి అనుకుంటుంది. ఇక్కడ తప్పుగా పలుకుతున్నది నువ్వు కాదు, అదే.

"అయితే తెలుగులోకి మార్చేస్తే సరిపోదా" అంటావు. ఫోన్‌లో మార్చి చూశాను. తెర మీద "పెద్దమ్మకి కాల్ చెయ్యి" అని అక్షరం పొల్లుపోకుండా పడింది, నాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే, ఆ పేరుతో ఎవరూ లేరంది! మాటలు సరిగ్గానే విన్నది, కానీ తన దగ్గరున్నది తెలుగు లిపిలో పెద్దమ్మ, ఫోన్‌బుక్‌లో ఉన్నది ఇంగ్లిష్ అక్షరాల్లో Peddamma. ఆ రెండూ ఒకరేనని కలపడానికి లోపల ఇంకో ఏర్పాటు ఉండాలి. అది అన్నింట్లో ఉండదు. ఉన్నా, ఒకరు Pedamma అని, ఇంకొకరు Peddhamma అని రాస్తే తికమకపడుతుంది.

రెండు భాషలూ ఒకేసారి వినొచ్చు కదా అని మా దగ్గర కొత్తగా చేరినవాళ్లందరూ అడుగుతారు. రెండు భాషలు ఎంచుకోనిచ్చేవి ఉన్నాయి. కానీ వాటిలో చాలావరకు వాక్యం మొత్తానికి ఒకే భాష అని నిర్ణయించుకుంటాయి, మాటమాటకీ మార్చుకోవు. రెండు సెకన్ల కమాండ్‌లో, సగం అటూ సగం ఇటూ ఉంటే, ఆ నిర్ణయం తప్పడం పెద్ద వింతేం కాదు. నేర్పిద్దామంటే, మనం మాట్లాడే ఈ కలగలుపు భాషని ఒకే తీరుగా రాసిపెట్టిన పాఠాలు చాలా తక్కువ. "చెయ్యి" అనే ఒక్క మాటనే ఇంగ్లిష్ అక్షరాల్లో మనం నాలుగు రకాలుగా రాస్తాం.

ఇంకో సంగతి, నీకు ఇది తెలియదని పందెం కాస్తాను. చాలా కార్లలో ఆ బటన్ ఒక్కటే గానీ దాని వెనక చెవులు రెండు. చిన్నగా నొక్కితే కారు సొంత వ్యవస్థ వింటుంది, నొక్కి పట్టుకుంటే ఫోన్‌లోది వింటుంది. కారు సొంతదానికి తెలిసిన వాక్యాలు కొన్నే, వాటి వరస కూడా బిగించినట్టు ఉంటుంది. ఏసీ తగ్గించడం లాంటివి దానికే చెప్పు, కారుతో వచ్చిన పుస్తకంలో ఉన్న మాటల్లోనే చెప్పు. ఫోన్ భాష మార్చినా దాని భాష మారదు, అది కారు సెట్టింగుల్లో వేరుగా ఉంటుంది. నువ్వు ఒకసారి చిన్నగా, ఇంకోసారి కోపంగా గట్టిగా పట్టుకుని నొక్కి, "ఒక్కోసారి ఒక్కోలా చేస్తోంది" అంటున్నావేమోనని నా అనుమానం.

నేను చివరికి ఏం చేశానంటే, భాష ఇంగ్లిష్‌లోనే ఉంచి, పేరుని Pedda Amma Home అని మూడు ముక్కలుగా మార్చాను. పేరు ఎంత పొట్టిగా ఉంటే దానికి అంత కష్టం. బుజ్జి, చిన్ని లాంటివైతే నరకమే. పొడుగైతే పట్టుకోవడానికి ఆధారం ఎక్కువ. కారులో బ్లూటూత్ ఫోన్‌బుక్‌ని మళ్లీ సింక్ చేశాను, లేకపోతే పాత పేరే పట్టుకుని కూర్చుంటుంది. తర్వాత "కాల్ పెద్ద అమ్మ హోమ్" అంటే పదిసార్లలో ఎనిమిదిసార్లు సరిగ్గా వెళ్లింది. పోయిన రెండుసార్లూ ఏసీ ఫుల్లులో ఉంది. గాలి నేరుగా పైన మైకు మీదికి కొడుతోంది, ఆ రెక్కలు పక్కకి తిప్పితే సరిపోయింది. నువ్వు తెలుగే వాడతానంటే పేరు తెలుగు లిపిలో దాచుకో, కానీ కొన్ని కార్ల తెరల మీద తెలుగు అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి, ముందే చెబుతున్నాను.

పెద్దమ్మకి ఈ పేరు మార్పు సంగతి చెబితే, "నాకు హోమ్ ఏంట్రా, నన్నేదైనా ఆశ్రమంలో చేర్చావా" అంది.

కారు నడుపుతూ ఇవన్నీ చెయ్యకు, ఆపి ఉన్నప్పుడే చూడు. బీప్ కంటే ముందు మాట్లాడితే మొదటి మాట పోతుంది, మధ్యలో "అదీ… ఏంటంటే…" అని సాగదీస్తే అయిపోయిందనుకుని ఆపేస్తుంది. నువ్వు రెండోది తప్పకుండా చేస్తావని నాకు తెలుసు. మూడుసార్లు ప్రయత్నించి, ప్రతిసారీ తెర మీద ఏం పడిందో ఫొటో తీసి పంపు. మాటలే తప్పుగా పడ్డాయా, మాటలు సరిగ్గా పడి పని తప్పిందా అన్నది చూస్తే మిగతాది చెబుతాను. బటన్ ఎలా నొక్కావో కూడా రాయి.

నీ
శ్రీను