ఊరు మారినవాళ్ల జిమ్ డబ్బు: ఎంత అడగాలి, ఎక్కడ అడగాలి

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరేసరికి బరంపురంలో సామాన్ల లారీలు కనిపించడం మొదలవుతుంది. బదిలీ అయిన బ్యాంకు ఉద్యోగులు, రైల్వే వాళ్లు, చదువు ముగించుకుని విశాఖకో హైదరాబాదుకో వెళ్లే పిల్లలు ఇళ్లు ఖాళీ చేస్తుంటారు. ఇంటి అడ్వాన్సు వెనక్కి తీసుకుంటారు, గ్యాసు కనెక్షను మార్చుకుంటారు. కొత్త సంవత్సరం ఆఫరని ఏడాదికి ఒకేసారి కట్టేసిన జిమ్ డబ్బు దగ్గరే బండి ఆగిపోతుంది. "నాన్ రిఫండబుల్ అని రసీదు మీదే ఉంది కదండీ" అంటారు కౌంటర్లో. ఆ మాటకే కొందరు వెనక్కి తిరుగుతారు. ఇంకొందరు కట్టిన డబ్బంతా ఇవ్వాల్సిందేనని పట్టుబట్టి, గొడవపడి, వట్టి చేతులతో రైలెక్కుతారు. రెండింటివల్లా నష్టపోయేది సభ్యులే కాబట్టి ఈ ఉత్తరం.

ముందు మన బలమెంతో చూసుకోవాలి. జిమ్ మూతపడితే, చెప్పిన యంత్రాలు లేకపోతే, తప్పు వాళ్లది. ఊరు మారింది మనం. జిమ్ తలుపు తెరిచే ఉంది. అందుకని "సేవాలోపం, మొత్తం తిరిగివ్వాలి" అన్న వాదన ఇక్కడ నిలవడం కష్టం. అలాగని రసీదు మీద ఒక ముక్క అచ్చేస్తే మిగిలిన నెలల డబ్బు వాళ్లదైపోదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం మధ్యలో తప్పుకున్నవాళ్ల దగ్గర అవతలివాళ్లు రాబట్టుకోగలిగేది సబబైన పరిహారమే. ఒప్పందంలో రాసిన మొత్తం దానికి పైహద్దు మాత్రమే. ఒక మనిషి రావడం మానేస్తే జిమ్‌కు నిజంగా పోయేదేమిటి? ఏడాదికి కట్టాడని ఇచ్చిన తగ్గింపు, చేర్చుకునేటప్పుడు పెట్టిన కాస్త ఖర్చు. అవి మినహాయించుకోనిచ్చి మిగతాది అడిగితే అది న్యాయమైన కోరిక. యజమానికి కూడా కాదనడం కష్టమవుతుంది.

ఒక లెక్క చూద్దాం. ఏడాది ఫీజు 12,000, దానిమీద 5 శాతం జీఎస్టీ 600, మొత్తం 12,600 రూపాయలు కట్టి జనవరి 1న చేరినవాళ్లు మే 20న ఊరు వదిలారనుకోండి. మే నెల వాడుకున్నట్టే లెక్కపెడితే అయిదు నెలలు పోయి ఏడు మిగిలాయి. సభ్యులు వేసుకునే లెక్క తేలిక: నెలకు వెయ్యి చొప్పున ఏడు వేలు, దాని జీఎస్టీ 350 కలిపి 7,350 రావాలి. యజమాని దీనికి ఒప్పుకోడు. "నెలకు వెయ్యి అన్నది ఏడాదికి కట్టినవాళ్ల ధర, మీరు అయిదు నెలలే వచ్చారు" అంటాడు. అందులో న్యాయముంది. అదే జిమ్ గోడమీద నెలకు 1,500, మూడు నెలలకు 4,000 అని ధరల పట్టిక ఉంటే, అయిదు నెలలకు అతని లెక్క ఇలా ఉంటుంది: మూడు నెలల ప్లాను 4,000, రెండు నెలలు విడిగా 3,000, వెరసి 7,000. పన్నెండు వేలలో అది పోగా మిగిలేది 5,000. జీఎస్టీ 250 కలిపితే 5,250.

అంటే బేరం 5,250కీ 7,350కీ మధ్య జరగాలి. సున్నాకూ 12,600కూ మధ్య కాదు. ఊరు వదిలేముందు ఆ ధరల పట్టికను ఫోనులో ఫొటో తీసుకోవాలని చెప్పేది ఇందుకే. పట్టిక మారిపోయాక "మా నెల ఫీజు మూడు వేలు" అంటే కాదని చూపడానికి చేతిలో ఏమీ ఉండదు. ఏడాదికి కడితే మూడు నెలలు ఉచితమన్న చోట ఆ ఉచిత నెలలకు డబ్బు అడగకపోవడమే మేలు. లేని పేచీ పెట్టుకుని ఉన్న లెక్క చెడగొట్టుకోవడం అవుతుంది. పర్సనల్ ట్రైనింగ్‌కు విడిగా కట్టి ఉంటే దాన్ని నెలల్లో కలపకూడదు. ఎన్ని సెషన్లు కొన్నారు, ఎన్ని అయ్యాయి అన్నదే దాని లెక్క.

"జీఎస్టీ గవర్నమెంటుకు కట్టేశాం, అది రాదు" అన్న మాట కూడా వినబడుతుంది. వస్తుంది. బిల్లు ఇచ్చాక అందించని సేవకు జిమ్ బిల్లు మొత్తాన్ని తగ్గించే క్రెడిట్ నోట్ అనే పత్రం ఇచ్చి, ఆ మేరకు తాను కట్టాల్సిన పన్ను తగ్గించుకోవచ్చు. జీఎస్టీ చట్టం 34వ సెక్షన్ ఇందుకే ఉంది. గడువు మాత్రం ఉంది: బిల్లు ఏ ఆర్థిక సంవత్సరానిదైతే, అది ముగిశాక వచ్చే నవంబరు 30 లోపు ఆ నోట్ రిటర్నులో చూపాలి. ఆలస్యం చేస్తే వాళ్ల చేతినుంచి పోతుంది, అప్పుడు ఆ మాట నిజమే అవుతుంది. ఇంకొకటి, జిమ్‌ల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి దిగింది 2025 సెప్టెంబరు 22 నుంచి. అంతకుముందు కట్టిన బిల్లయితే బిల్లులో ఉన్న 18 శాతం ప్రకారమే వెనక్కి లెక్కకట్టాలి.

ఎక్కువమంది పోగొట్టుకునేది తేదీ దగ్గర. మేలో వెళ్లిపోయి, కొత్త ఊళ్లో కుదురుకుని, సెప్టెంబరులో గుర్తొచ్చి ఫోను చేస్తారు. ఆ నాలుగు నెలలూ మీకోసం జిమ్ తెరిచే ఉంచామంటారు వాళ్లు. లెక్క మీరు రానని రాతపూర్వకంగా చెప్పిన రోజునుంచి కదులుతుంది, మానేసిన రోజునుంచి కాదు. కాబట్టి బదిలీ ఆర్డరు చేతికొచ్చిన వారంలోనే ఉత్తరం ఇవ్వాలి. నాలుగు వాక్యాలు చాలు: "నా మెంబర్‌షిప్ నంబరు ఇది, ఫలానా తేదీన ఇంత కట్టాను. హైదరాబాదుకు బదిలీ అయినందున మే 20 తర్వాత రాలేను, ఆర్డరు నకలు జతచేశాను. జూన్ నుంచి డిసెంబరు దాకా ఏడు నెలలకు 7,350 రూపాయలు ఈ ఖాతాకు 15 రోజుల్లో తిరిగి పంపగలరు. మినహాయింపు ఏదైనా ఉంటే లెక్క రాసి ఇవ్వగలరు." చివరి వాక్యం ముఖ్యం. లెక్క రాసి ఇచ్చారంటే తిరిగి ఇవ్వాల్సిన డబ్బు ఉందని ఒప్పుకున్నట్టే. ఇదే పాఠం వాట్సాప్‌లో, ఈమెయిల్‌లో పంపి, కాగితం స్పీడ్ పోస్టులో వేయాలి. చివరిసారి వేలిముద్ర వేసిన తేదీ తెలిపే హాజరు పేజీని యాప్‌లోంచి స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. మెంబర్‌షిప్ ఆపేశాక ఆ యాప్ తెరుచుకోకపోవచ్చు.

డబ్బు బదులు రెండు దారులు చూపిస్తారు. "ఫ్రీజ్ చేస్తాం" అన్నది నెలా రెండు నెలలు ఊరెళ్లేవాళ్లకు పనికొస్తుంది, ఇల్లే ఎత్తేసినవాళ్లకు కాదు. వేరొకరి పేరుకు మార్చడం అంతకంటే నయం. పక్కింటి కుర్రాడు ఆరువేలిచ్చి మిగతా నెలలు తీసుకుంటానంటే అక్కడితో వ్యవహారం తెగిపోతుంది. కానీ పేరు మార్చినట్టు, ఏ తేదీదాకా చెల్లుతుందో జిమ్ రాసిచ్చాకే డబ్బు చేతులు మారాలి. నోటిమాట నమ్మితే, మేనేజరు మారిన రోజున ఆ కుర్రాడు మీకే ఫోను చేస్తాడు. వాయిదాల మీద కట్టినవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. ఆ అప్పు ఇచ్చింది బ్యాంకు. జిమ్‌తో పేచీ ఉందని ఈఎంఐ ఆపితే దెబ్బతినేది మీ సిబిల్ స్కోరు.

పదిహేను రోజులు గడిచినా జవాబు లేకపోతే 1915కి ఫోను చేయవచ్చు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే చెప్పుకోవచ్చు. వాళ్లు ఫిర్యాదును జిమ్‌కు పంపి జవాబు అడుగుతారు, ఆదేశించే అధికారం వాళ్లకు లేదు. చిన్న జిమ్‌లు పట్టించుకోకపోవచ్చు. అయినా ఫిర్యాదుకు వాళ్లిచ్చే డాకెట్ నంబరు దాచుకోండి.

దీని తర్వాత మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. ఒడిశా-ఆంధ్ర సరిహద్దు జిల్లాల వాళ్లకు తెలియాల్సిన విషయం ఇక్కడే ఉంది. హైదరాబాదులో ఉంటున్న మనిషి కేసుకోసం బరంపురం రానక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం, ఫిర్యాదీ నివసించే చోటగానీ, పనిచేసే చోటగానీ ఉన్న జిల్లా కమిషన్‌లో వేయవచ్చు. పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు. కట్టిన సొమ్ము అయిదు లక్షల లోపయితే కోర్టు ఫీజు లేదు, e-jagriti.gov.in లో ఇంటినుంచే దాఖలు చేయవచ్చు. గడువు రెండేళ్లు. కొత్త ఊళ్లో ఉంటున్నట్టు అద్దె ఒప్పందమో, జాయినింగ్ లెటరో జతపరచాలి. జిమ్‌వాళ్లతో వాట్సాప్ మాటలు ఒడియాలో ఉంటే ఇంగ్లీషు అనువాదం పెట్టుకోవాలి.

ఇక్కడొక మెలిక. "ఇది అన్యాయమైన ఒప్పందం, ఆ షరతు కొట్టేయండి" అని ఫిర్యాదు రాస్తే జిల్లా కమిషన్ తనకు అధికారం లేదనవచ్చు. ఎందుకంటే అన్యాయమైన ఒప్పందాల విచారణను చట్టం రాష్ట్ర కమిషన్‌కు అప్పగించింది. పన్నెండు వేల కోసం అంత దూరం ఎవరూ వెళ్లరు. జిల్లాలో వేసేటప్పుడు కోరిక డబ్బు చుట్టూనే ఉండాలి: అందించని సేవకు తీసుకున్న సొమ్మును, అడిగినా లెక్క చెప్పకుండా అట్టేపెట్టుకోవడం అనుచిత వ్యాపార పద్ధతి. చేరేటప్పుడు ఆ షరతు చూపించలేదని, డబ్బు కట్టాక ఇచ్చిన రసీదు వెనకే అది ఉందని నిజంగా చెప్పగలిగితే వాదన ఇంకా గట్టిపడుతుంది. గెలుపు ఖాయమని ఎవరూ చెప్పలేరు. షరతు మీద సంతకం పెట్టిన ఫారం జిమ్ చేతిలో ఉంటే సంగతి కాస్త కష్టమే.

ఎవరి మీద వేయాలో కూడా చూసుకోవాలి. బోర్డుమీద పెద్ద బ్రాండు పేరుంటుంది, నడిపేది స్థానికంగా ఫ్రాంచైజీ తీసుకున్న మనిషి. బిల్లుమీద జీఎస్టీ నంబరును gst.gov.in లో వెతికితే అసలు పేరు వస్తుంది. మొదటి రెండంకెలు 21 అయితే అది ఒడిశాలో నమోదైనది. ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలి. బిల్లే లేకుండా ట్రైనర్ సొంత యూపీఐకి పంపినవాళ్ల పరిస్థితి ఇక్కడే చిక్కుల్లో పడుతుంది. డబ్బు జిమ్‌కే చేరిందని చూపే బాధ్యత వాళ్లమీద పడుతుంది.

నగరపాలక సంస్థ, జిల్లా యంత్రాంగం చేయదగిన పని ఒకటుంది. జిమ్‌లకు ట్రేడ్ లైసెన్సు ఇచ్చేటప్పుడు, రెన్యూ చేసేటప్పుడు, మధ్యలో మానేస్తే ఎంత మినహాయించి ఎంత తిరిగిస్తారో ధరల పట్టిక పక్కనే ఒడియాలోనూ తెలుగులోనూ రాసిపెట్టమని చెప్పాలి. మూడు వరసలు చాలు: వాడిన నెలలకు ఏ రేటు, చేరిక రుసుము ఎంత పోతుంది, ఎన్ని రోజుల్లో డబ్బు వస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గాంధీనగర్, బరంపురం, గంజాం జిల్లా